మూడు వేల పౌన్లు చేపల బుట్టగా మారిన వైనం: నవలలో వ్యంగ్యం రోజువారీ అలవాట్లను ఎలా పట్టుకుంటుంది

వ్యంగ్య నవల చదివి నవ్వుకోవడం తేలికే. ఆ నవ్వు ఎక్కడ పుట్టిందో, ఎవరి మీదికి వెళ్ళిందో చూపించమంటే చాలామంది ఆగిపోతారు. "రచయిత సమాజాన్ని ఎండగట్టాడు" అని రాసి ముగించిన సమీక్షలు కుప్పలుగా ఉన్నాయి. ఏ అలవాటును, ఏ వాక్యంతో, ఏ లెక్కతో ఎండగట్టాడో చెప్పలేకపోతే ఆ మాటకు విలువ లేదు. ఈ వ్యాసం ఆ పనిని అంచెలంచెలుగా చేసి చూపిస్తుంది. ముందు ఒకే ఒక్క అధ్యాయాన్ని విప్పి చూద్దాం. తర్వాత అదే పద్ధతిలో మన తెలుగు ఇళ్ళలోని ఒక అలవాటు మీద చిన్న సన్నివేశం రాద్దాం.

పరిశీలనకు తీసుకుంటున్నది ఆంగ్ల రచయిత్రి జేన్ ఆస్టెన్ 1811లో ప్రచురించిన 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' నవల రెండో అధ్యాయం. చాలా చిన్న అధ్యాయం. ఒక మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటారు, అంతకుమించి ఏమీ జరగదు. ఎవరూ గొంతు పెంచరు, తిట్టరు, దొంగతనం చేయరు. అధ్యాయం ముగిసేసరికి మాత్రం నలుగురు ఆడవాళ్ళకు అందాల్సిన సొమ్ము మొత్తం మాయమై ఉంటుంది. రోజువారీ అలవాటు మీద వ్యంగ్యం ఎలా పనిచేస్తుందో నేర్చుకోవడానికి ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ దొరకడం కష్టం.

ముందుగా కథలో అవసరమైనంత. ఇంగ్లండులోని ససెక్స్‌లో నార్లండ్ అనే ఎస్టేటు. హెన్రీ డ్యాష్‌వుడ్ చనిపోతూ తన మొదటి భార్య కొడుకు జాన్‌ను పిలిచి, రెండో భార్యనూ ముగ్గురు కూతుళ్ళనూ అప్పగిస్తాడు. వాళ్ళకు ఏ లోటూ లేకుండా చేతనైనంతా చేస్తానని జాన్ మాట ఇస్తాడు. ఎస్టేటు ఆడపిల్లలకు దక్కదు. పాత విల్లు ప్రకారం అది జాన్ చేతికి వచ్చి, అతని తర్వాత అతని చిన్న కొడుక్కి చేరాలి. తల్లీ కూతుళ్ళు నలుగురికీ కలిపి మిగిలింది పది వేల పౌన్లు. జాన్‌కు తల్లి తరఫు ఆస్తి ఉంది, భార్య తెచ్చిన ఆస్తి ఉంది. వీటికి తోడు ఇప్పుడు ఏడాదికి నాలుగు వేల పౌన్ల రాబడి కలిసింది. చెల్లెళ్ళకు తలా వెయ్యి చొప్పున మూడు వేల పౌన్లు ఇవ్వాలని అతను మనసులో నిశ్చయించుకుంటాడు. అంత్యక్రియలు అవగానే భార్య ఫ్యానీ, అత్తగారికి ముందుగా కబురైనా పెట్టకుండా, పిల్లవాడితో పరివారంతో వచ్చి ఇంట్లో దిగిపోతుంది. రెండో అధ్యాయం అక్కడ మొదలవుతుంది.

మొదటి పని: మనిషిని కాదు, అలవాటును పట్టుకోండి

ఈ అధ్యాయం చదివిన వెంటనే నోటికి వచ్చే మాట "ఫ్యానీ పిసినారి, జాన్ చేతగానివాడు" అని. అక్కడితో ఆగితే వ్యంగ్యం మీ చేతికి చిక్కనట్టే. ఇద్దరు చెడ్డవాళ్ళ కథ అయితే చదువరి హాయిగా పక్కన కూర్చుని నవ్వొచ్చు, తనకేమీ తగలదు. ఆస్టెన్ గురి వేరే చోట ఉంది.

అలవాటును ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యంలో పాత్ర పేరు ఉండకూడదు, తిట్టు ఉండకూడదు. "ఇలాంటప్పుడు జనం…" అని మొదలుపెడితే పని తేలికవుతుంది. ఈ అధ్యాయానికి నేను రాసే వాక్యం ఇది: ఇస్తానన్నది ఇవ్వాల్సి వచ్చినప్పుడు జనం, ఇవ్వకపోవడమే న్యాయమని తమకు తాము నచ్చజెప్పుకునేదాకా దాన్ని గురించి మాట్లాడుతూనే ఉంటారు.

రాసిన వాక్యం సరైనదో కాదో చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అందులోని పని మర్యాదస్తులు కూడా చేసేదేనా? అవును అనిపిస్తే మీరు అలవాటు దగ్గరికి చేరారు. కాదు, అది దుర్మార్గులే చేస్తారు అనిపిస్తే ఇంకా మనిషి దగ్గరే ఉన్నారు. జాన్ గురించి ఆస్టెన్ మొదటి అధ్యాయంలోనే ఒక మాట అంటుంది: అతను దుర్మార్గుడేమీ కాదు, కాస్త రాతిగుండె, కాస్త స్వార్థం ఉండటమే దుర్మార్గం అనుకుంటే తప్ప. వాక్యం మొదటి సగం అతనికి మంచి పేరు ఇస్తుంది, రెండో సగం దాన్ని వెనక్కి తీసుకుంటుంది. అయినా అతను ఊళ్ళో నలుగురిలో గౌరవంగా తిరిగే మనిషే. ఆ గౌరవం చెడకుండానే అతను ఈ పని చేయగలగడం ఆస్టెన్‌కు ముఖ్యం. అతన్ని కిరాతకుడిగా చూపి ఉంటే ఈ అధ్యాయం నిలబడేది కాదు.

రెండో పని: అంకెలన్నీ వరసగా రాసుకోండి

వ్యంగ్యం గాల్లో ఉండదు. దానికి ఆధారం పేజీలోనే ఎక్కడో ఉంటుంది. డబ్బు, తేదీలు, దూరాలు, వచ్చిన మనుషుల సంఖ్య, వంటకాలు, బట్టలు… ఇలా కొలవడానికి వీలైనవి ఏవి కనిపించినా కాగితం మీద పెట్టండి. ఈ అధ్యాయంలో అన్నీ డబ్బు అంకెలే కాబట్టి పని ఇంకా సులువు.

మూడు వేలతో మొదలవుతుంది. అంత సొమ్ము తీసేస్తే ఒక్కగానొక్క కొడుకు దరిద్రుడైపోతాడని ఫ్యానీ అంటుంది. సగానికి తగ్గిద్దామని జాన్ అంటాడు, తలా ఐదు వందలు. సొంత చెల్లెళ్ళకైనా ఇందులో సగం చేసే అన్న భూమ్మీద ఉన్నాడా అని ఫ్యానీ మెచ్చుకుంటుంది. ఒకేసారి ఇవ్వడం కన్నా సవతి తల్లి బతికినంతకాలం ఏడాదికి వంద చొప్పున ఇద్దామా అని అతను మరో దారి వెతుకుతాడు. ఒకేసారి పదిహేను వందలు పోగొట్టుకోవడం కన్నా అది నయమే గానీ, ఆవిడ పదిహేనేళ్ళు బతికితే మనం మోసపోయినట్టే అని ఫ్యానీ సందేహిస్తుంది. వార్షికం ముట్టే మనుషులు ఎప్పటికీ చావరని, పైగా ఆవిడ ఆరోగ్యంగా ఉందని, నలభై కూడా సరిగా నిండలేదని గుర్తుచేస్తుంది. సరే, అప్పుడప్పుడూ ఒక యాభై పంపితే నాన్నకిచ్చిన మాట నిండుగా చెల్లినట్టే అని జాన్ దిగుతాడు. అసలు డబ్బు ఇవ్వమనడం మీ నాన్న ఉద్దేశమే కాదు, ఇల్లు వెతికిపెట్టడం, సామాను తరలించడంలో సాయపడటం, కాలానికి తగ్గట్టు చేపలూ వేటమాంసమూ పంపడం, అంతే ఆయన అనుకుని ఉంటారు అని ఫ్యానీ తేలుస్తుంది. చివరికి, తండ్రి భార్యాపిల్లలకు ఇరుగుపొరుగు వాళ్ళు చేసే పాటి సాయం కన్నా ఎక్కువ చేయడం అనవసరమే కాదు, మర్యాద కూడా కాదని జాన్ తీర్మానించుకుంటాడు.

ఇప్పుడు ఈ అంకెల పక్కన, కథకురాలు మనకు చెప్పి పాత్రలు పలకని అంకెను పెట్టండి. అది ఏడాదికి నాలుగు వేలు. మూడు వేలు అంటే ఆ కొత్త రాబడిలో తొమ్మిది నెలల సొమ్ము మాత్రమే. పాత ఆస్తి ఇందులో కలపలేదు. కొడుకును దరిద్రుణ్ణి చేస్తుందని ఫ్యానీ భయపడిన మొత్తం ఇదే. అప్పుడప్పుడూ పంపుదామనుకున్న యాభై, ఆ రాబడిలో ఐదు రోజుల సొమ్ము కూడా కాదు. వార్షికం గురించి ఫ్యానీ పెట్టిన పదిహేనేళ్ళ హద్దును చూడండి: వందను పదిహేనుతో హెచ్చిస్తే పదిహేను వందలు. అంటే జాన్ ఒకేసారి ఇస్తానన్న మొత్తానికి సరిగ్గా సమానమయ్యే చోట ఆవిడ గీత గీసింది. అత్తగారి ఆయుష్షును ఆవిడ లెక్క కట్టి చూసింది. "మోసపోతాం" అన్న మాట ఆ లెక్కలోంచి వచ్చింది. ఈ గుణకారం ఆస్టెన్ చేసి చూపించదు, చదువరికి వదిలేస్తుంది. వ్యంగ్యంలో చదువరి చేతికి పని ఇచ్చే చోట్లు ఇలాంటివే. ఆ పని చేయనివారికి ఈ అధ్యాయం సరదా సంభాషణగానే మిగిలిపోతుంది.

ఇంకో అంకె కూడా ఉంది. పది వేల పౌన్ల మీద ఏడాదికి ఐదు వందలు వడ్డీ వస్తుందని, నలుగురు ఆడవాళ్ళకు అంతకన్నా ఏం కావాలని ఫ్యానీ అడుగుతుంది. బండి ఉండదు, గుర్రాలు ఉండవు, పనివాళ్ళు దాదాపు ఉండరు, అతిథులు రారు, కాబట్టి ఖర్చే ఉండదంటుంది. ఆ మాటను మళ్ళీ చదవండి. వాళ్ళు కోల్పోబోతున్నవన్నీ ఒక్కొక్కటిగా చెబుతూ వాటిని వాళ్ళకు కలిగే సౌకర్యంగా లెక్కపెడుతోంది. వాళ్ళే మనకు ఎదురు ఇవ్వగలిగే స్థితిలో ఉంటారని కూడా అంటుంది.

మూడో పని: చెప్పే కారణాన్ని, నడిపించే కారణాన్ని విడదీయండి

కాగితాన్ని నిలువుగా రెండు చేసి, ఎడమ వైపు పాత్రలు వాడే మంచి మాటలు రాయండి. బిడ్డ భవిష్యత్తు, తండ్రి చివరి కోరిక, ఇచ్చిన మాట, మర్యాద, చెల్లెళ్ళ సౌఖ్యం. కుడి వైపు ప్రతి మాట తర్వాత ఏం జరిగిందో రాయండి. కుడి వైపు ప్రతిసారీ ఒకటే పడుతుంది: మొత్తం తగ్గింది.

ఈ పద్ధతిలో ఒక సూక్ష్మం బయటపడుతుంది. జాన్ ఎప్పుడూ భార్యను ఎదిరించడు, కానీ తగ్గింపుల్లో చాలావాటిని ముందుగా ప్రతిపాదించేది అతనే. సగం చేద్దామన్నది అతను, వార్షికం అన్నది అతను, అప్పుడప్పుడూ యాభై అన్నదీ అతనే. ఫ్యానీ కారణాలు అందిస్తుంది. తనకు కావలసిన కారణాలు మరొకరి నోట వింటూ, తాను మాత్రం ఉదారుడిగానే మిగిలిపోవడం అతని పద్ధతి. ఇలాంటి సందర్భంలో తక్కువ చేయడం కన్నా ఎక్కువ చేయడమే మేలని మధ్యలో అతనే అంటాడు కూడా. తెలుగు చదువరులు చాలామంది ఈ అధ్యాయాన్ని "గయ్యాళి భార్య మంచి భర్తను చెడగొట్టింది" అని చదువుతారు. రెండు వరసలూ రాసి చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. నింద భార్య మీదికి పోయేలా చేసి భర్త పేరు కాపాడుకోవడం కూడా ఈ అలవాటులో భాగమే. ఆస్టెన్ దాన్ని కూడా పట్టుకుంది.

నాలుగో పని: ఈ వాక్యం ఎవరి గొంతో తేల్చండి

ఇది కాస్త కష్టమైన భాగం, తొందరపడకుండా చేయాలి. కథకురాలు కొన్ని వాక్యాల్లో పాత్ర మాటలను అరువు తెచ్చుకుని, కొటేషన్ గుర్తులు లేకుండా తన మాటల్లా చెబుతుంది. తమ ముద్దుల బాబు ఆస్తిలోంచి మూడు వేలు తీసేస్తే వాడు భయంకరమైన దరిద్రంలో పడిపోతాడన్న వాక్యం కథనంలోనే వస్తుంది, సంభాషణలో కాదు. "ముద్దుల బాబు", "భయంకరమైన దరిద్రం" అన్న మాటలు కథకురాలివి కావు. ఫ్యానీవి.

కనిపెట్టే ఉపాయం ఇది. వాక్యం చివర "అని ఆవిడ అభిప్రాయం" అని చేర్చి చదవండి. అర్థం చెడకుండా ఇంకా సరిగ్గా అమరితే అది అరువు గొంతు. "అంత్యక్రియలు అయ్యాక ఫ్యానీ వచ్చింది" లాంటి వాక్యానికి అది అతకదు, అది కథకురాలి సొంత గొంతు. ఈ రెండింటినీ కలిపేస్తే రెండు రకాల తప్పులు వస్తాయి. అరువు గొంతును నిజమనుకుంటే రచయిత్రి ఫ్యానీ పక్షాన ఉందనిపిస్తుంది. సొంత గొంతును కూడా వ్యంగ్యమనుకుంటే కథలో నమ్మదగినది ఏదీ మిగలదు.

తెలుగులో ఈ పద్ధతికి మన వాక్య నిర్మాణం బాగా సహకరిస్తుంది. "ట" చేర్చగానే మాట ఎవరిదో దూరంగా జరుగుతుంది: "పిల్లాడు దరిద్రుడైపోతాడట." కానీ తెలుగులో రాసేవాళ్ళకు ఇదే ఒక ఉచ్చు కూడా. "ట" పెడితే కథకుడి వెక్కిరింత బయటపడిపోతుంది. ఆస్టెన్ వాక్యం బలం, వెక్కిరింత కనిపించకుండా పాత్ర నమ్మకాన్ని నమ్మకంగానే చెప్పడంలో ఉంది. తెలుగులో ఆ ఫలితం కావాలంటే "ట" తీసేసి, పాత్ర వాడే విశేషణాలను మాత్రం అలాగే ఉంచాలి.

ఐదో పని: వ్యంగ్యమని తేల్చేముందు సాక్ష్యం అడగండి

వ్యంగ్యం చదవడం అలవాటయ్యాక ప్రతి వాక్యంలోనూ అదే కనిపించడం మొదలవుతుంది. ఇది అనుభవం ఉన్న చదువరులకు వచ్చే జబ్బు. ఒక మెచ్చుకోలు వాక్యాన్ని వ్యంగ్యమని చెప్పాలంటే పేజీలోనే ఒక సాక్ష్యం ఉండాలి. అది మాటకు పొసగని అంకె కావచ్చు, ఆ మాట తర్వాత వచ్చిన పని కావచ్చు, వాక్యంలోనే వెనక్కి తిరిగే రెండో సగం కావచ్చు. ఇవేవీ లేకపోతే ఆ మెచ్చుకోలును మెచ్చుకోలుగానే తీసుకోండి. పెద్దమ్మాయి ఎలినార్ వివేకం గురించి ఆస్టెన్ చెప్పిన మాటలకు ఎదురు సాక్ష్యం కథలో లేదు. అక్కడ రచయిత్రి మనస్ఫూర్తిగానే మాట్లాడుతోంది.

అన్ని వ్యంగ్యాలూ ఒకే వేడిలో ఉండవని కూడా గమనించాలి. అదే నవలలో రెండో అమ్మాయి మరియాన్‌కు ఒక అలవాటుంది. ప్రతి అనుభూతినీ పరాకాష్ఠకు తీసుకెళ్ళడం, తక్కువగా బాధపడితే తప్పన్నట్టు ఉండటం. నార్లండ్‌లో రాలే ఎండుటాకుల గురించి ఆమె పరవశించిపోతుంటే, ఎండుటాకుల మీద నీకున్నంత మక్కువ అందరికీ ఉండదని అక్క అంటుంది. ఇక్కడ లెక్కలు లేవు, మాట మాత్రమే ఉంది, ఆ మాట అన్నది ప్రేమించే మనిషి. జాన్ అలవాటు ఇతరుల అన్నం తీస్తుంది, మరియాన్ అలవాటు ఆమెనే గాయపరుస్తుంది. అందుకే ఆస్టెన్ జాన్‌ను కథ చివరిదాకా మార్చలేదు, మరియాన్‌కు మాత్రం మారే అవకాశం ఇచ్చింది. అలవాటు వల్ల నష్టపోయేది ఎవరో చూస్తే వ్యంగ్యం ఎంత కటువుగా ఉండాలో తెలుస్తుంది.

మన దగ్గర మొదట్లో దారి వేరుగా ఉండేది. కందుకూరి వీరేశలింగం 1878లో 'వివేకవర్ధని'లో ధారావాహికగా రాసిన 'రాజశేఖర చరిత్ర'లో బంగారం చేస్తాననే బైరాగిని నమ్మడం, భూతవైద్యం లాంటి అలవాట్లు గురిలో ఉంటాయి. అక్కడ అధిక్షేపం ఎక్కువగా జరిగిన సంఘటన ద్వారా వస్తుంది: నమ్మినవాడి బంగారం పోతుంది, చదువరికి గుణపాఠం అందుతుంది. ఆస్టెన్ అధ్యాయంలో జాన్‌కు ఏమీ పోదు, లాభమే. శిక్ష పడని అలవాటును పట్టుకోవాలంటే సంఘటన సరిపోదు, వాక్యమే ఆ పని చేయాలి. రాసేవాళ్ళు ముందుగా నిర్ణయించుకోవాల్సింది ఇదే. మీరు ఎంచుకున్న అలవాటుకు లోకంలో శిక్ష పడుతుందా, పడదా? పడకపోతే కథలో బలవంతంగా శిక్ష వేయకండి.

ఇప్పుడు రాయడం: చదివింపుల పుస్తకం

పెళ్ళిళ్ళలో చదివింపులు రాసుకునే అలవాటును తీసుకుందాం. ఎవరు ఎంత చదివించారో ఒక పుస్తకంలో రాయడం, రేపు వాళ్ళింట్లో శుభకార్యం అయినప్పుడు ఆ పుస్తకం చూసి తిరిగి చదివించడం. దీనికి ఒక న్యాయమైన మూలం ఉంది: పెళ్ళి ఖర్చును బంధువులంతా తలా కాస్త మోస్తారు, వంతులవారీగా తీర్చుకుంటారు. ఆ మూలాన్ని మీరు ఒప్పుకోకపోతే మీ వ్యంగ్యం అలవాటును అర్థం చేసుకోని మనిషి ఎత్తిపొడుపులా ఉంటుంది.

అలవాటు వాక్యం: అభిమానం కొద్దీ ఇస్తున్నామని చెబుతూ జనం ఎదుటివాళ్ళు ఇచ్చినంతే ఇస్తారు. చెప్పే కారణం అభిమానం, నడిపించేది పుస్తకం. కనిపించే వస్తువు కూడా పుస్తకమే. ఇక అంకె ఎంచుకోవాలి. ఒక్కటి చాలదు, కనీసం రెండు ఉంటేనే చదువరి పోల్చగలడు. ఐదువందల పదహార్లు, వెయ్యినూటపదహార్లు సరిపోతాయి. వీటితో పాటు పుస్తకంలోకి ఎక్కని విషయం ఒకటి ఉండాలి. నార్లండ్‌లో జాన్ రాబడి చేసిన పని ఇక్కడ అది చేస్తుంది.

మొదటి ప్రయత్నం చాలామంది చేతుల్లో ఇలా వస్తుంది:

"ఈ రోజుల్లో మనుషులు అభిమానాన్ని కూడా డబ్బుతో కొలుస్తున్నారు. సుబ్బారావు పరమ పిసినారి. పెళ్ళి కార్డు చూడగానే మొహం మాడ్చుకుని, ఎంత ఇచ్చి వదిలించుకోవాలా అని లెక్కలు వేయడం మొదలుపెట్టాడు."

దీంట్లో మొదటి వాక్యం తీర్పు. చదువరి చేయాల్సిన పని రచయితే చేసేశాడు. రెండో వాక్యం అలవాటును ఒక మనిషి లోపంగా మార్చేసింది. పిసినారి కానివాళ్ళంతా ఇక నిశ్చింతగా ఉండొచ్చు. "మొహం మాడ్చుకుని" అనగానే సుబ్బారావుకు తన స్వార్థం తనకే తెలుసునని అర్థం వస్తుంది, దాంతో వ్యంగ్యం చచ్చిపోతుంది. అలవాటులో ఉన్న మనిషి తనను తాను మంచివాడినని నమ్మాలి. ఇంకోసారి రాద్దాం:

"పెళ్ళి పిలుపు అందగానే సుబ్బారావుకు పెదనాన్నగారి కుటుంబం మీదున్న అభిమానమంతా పొంగుకొచ్చింది. పుస్తకం తీయమన్నాడు. అభిమానానికి లెక్కలుండవని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పుస్తకం బీరువాలో పట్టుచీరల అడుగున భద్రంగా ఉంది.

'మన సుజాత పెళ్ళికి వాళ్ళు ఐదువందల పదహార్లు,' చదివింది రామలక్ష్మి.

'అది పదిహేనేళ్ళ కిందటి మాట. ఇప్పుడు ఐదొందలంటే మనకే చిన్నతనం. వెయ్యినూటపదహార్లు వేద్దాం.'

'వెయ్యేమిటండీ, రెండువేలు వేసినా తక్కువే. మామయ్యగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ పెళ్ళికొడుకేగా మూడు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా కూర్చున్నాడు.' ఆవిడ పేజీ తిప్పింది. 'కాకపోతే అప్పుడు వాళ్ళు ఆరుగురు భోజనానికొచ్చారు. మనం వెళ్ళేది ఇద్దరమేగా.'

సుబ్బారావు కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. ఆ మూడు రాత్రులు అందులో లేవు.

'వెయ్యినూటపదహార్లే రాయి,' అన్నాడు."

ఇక్కడ ఎవరూ ఎవరినీ తిట్టలేదు. భార్యాభర్తలిద్దరూ ఇచ్చేదాన్ని పెంచాలనే మొదలుపెట్టారు. ఆస్టెన్ మెట్ల వరసను మక్కీకి మక్కీ దించకుండా ఉండటానికే ఇక్కడ అంకె ముందు పైకి వెళ్తుంది. "అభిమానానికి లెక్కలుండవు" అన్నది ఆ ఇంటివాళ్ళ మాట. కథకుడు దాన్ని అరువు తెచ్చుకుని, పుస్తకం ఎక్కడ దాచారో మాత్రం పక్కన చెప్పాడు. మధ్యలో "కానీ" లేదు. "కానీ పుస్తకం మాత్రం…" అని ఉంటే కథకుడు కన్ను గీటినట్టయ్యేది. వచ్చినవాళ్ళ సంఖ్యతో భోజనం ఖర్చు సరిచూసే మాట రామలక్ష్మి నోట వచ్చింది. అది అబద్ధం కాదు, నిజమైన లెక్కే. అలవాటు మాటల్లో కొంత నిజం లేకపోతే చదువరి అందులో తనను చూసుకోడు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది "ఆ మూడు రాత్రులు అందులో లేవు" అన్న వాక్యం. అది తీర్పు కాదు, పుస్తకం గురించిన సమాచారం. దాని తర్వాత "పాపం, ఆ కుర్రాడి సేవకు విలువ లేకపోయింది" అని ఒక్క ముక్క చేర్చినా సన్నివేశం ఉపన్యాసమవుతుంది. రాసేటప్పుడు అలాంటి ముక్క ఎలాగూ వచ్చేస్తుంది. రానివ్వండి, రెండో చదువులో కొట్టేయండి.

దిద్దుకునేటప్పుడు చూడాల్సినవి

విశేషణాలన్నిటి కిందా గీత గీయండి. కథకుడి సొంత విశేషణాలు ("దురాశగా", "కపటంగా") తీసేయండి. పాత్ర తన గురించి వాడుకునేవి ("పెద్దమనసుతో", "మర్యాదగా") ఉంచండి. ఈ ఒక్క మార్పుతో చాలా సన్నివేశాలు సగం బాగుపడతాయి.

రచయిత అభిప్రాయాన్ని మోసే పాత్ర ఎవరైనా ఉన్నారేమో చూడండి. పక్కన నిలబడి "ఇదేం లెక్క నాన్నా, మనుషులు ముఖ్యం కదా" అనే చదువుకున్న కొడుకు తెలుగు నవలల్లో తరచూ ప్రత్యక్షమవుతాడు. అతను రాగానే చదువరి అతని పక్కన నిలబడి అలవాటుకు దూరమైపోతాడు. నార్లండ్ అధ్యాయంలో అలాంటి మనిషి ఒక్కరూ లేరు. గదిలో ఉన్నది ఆ ఇద్దరే.

తర్వాత సన్నివేశాన్ని ఆ అలవాటు ఉన్న మనిషికి చదివి వినిపించండి. పూర్తిగా అంగీకారంగా తల ఊపితే సాక్ష్యం చాలలేదు, ఇంకో అంకె కావాలి. కోపం తెచ్చుకుంటే ఎక్కడో మీ తీర్పు బయటపడింది, ఆ వాక్యం వెతకండి. నవ్వి, కాసేపటికి "అయినా మా ఇంట్లో మాత్రం అలా కాదులే" అని వాదనకు దిగితే సన్నివేశం తన పని తాను చేసినట్టు.

ఈ పద్ధతికి ఒక హద్దు కూడా ఉంది. అలవాటు వల్ల నష్టపోయిన మనిషి కథలో ఎప్పుడూ కనిపించకపోతే, వ్యంగ్యం కొన్ని పేజీలకే తేలిక హాస్యంగా జారిపోతుంది. ఆస్టెన్ ఆ తల్లీకూతుళ్ళను ఇల్లు వదిలించి డెవన్‌షైర్‌లోని ఒక చిన్న కాటేజీకి పంపి, మిగతా కథంతా వాళ్ళతోనే నడిపింది. ఫ్యానీ లెక్కలో "ఖర్చే ఉండదు" అన్న బతుకు ఎలా ఉంటుందో చదువరి అక్కడ చూస్తాడు. చదివింపుల కథ నవలగా సాగాలంటే ఆ మూడు రాత్రులు మెలకువగా కూర్చున్న కుర్రాడికి కనీసం ఒక అధ్యాయం ఇవ్వాలి. అందులో పుస్తకం ప్రస్తావన రాకూడదు.